అతని స్థానంలో డెవిల్ కార్డు వచ్చింది, ఇది ప్రేమా, పట్టా?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 27 ఏళ్లు. మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మా టీమ్‌లోనే ఉన్న అబ్బాయితో పది నెలలుగా ప్రేమలో ఉన్నాను. అతనికి నేనంటే పిచ్చి. ఫోన్ ఎత్తడం ఆలస్యమైతే ఎత్తేదాకా చేస్తూనే ఉంటాడు. లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచమంటాడు. గొడవైతే రెండు రోజులు మాట్లాడడు, తర్వాత వచ్చి ఏడ్చేస్తాడు. ఆ రోజు మాత్రం ప్రపంచమంతా నాదే అనిపిస్తుంది. ఈమధ్య ఒకావిడ దగ్గర జోస్యం చెప్పే టారో కార్డులతో ప్రేమ స్ప్రెడ్ వేయించుకున్నాను, అంటే ఒక్కో స్థానానికి ఒక్కో కార్డు పరుస్తారు. నా స్థానంలో టూ ఆఫ్ సోర్డ్స్, అతని స్థానంలో డెవిల్, మా ఇద్దరి మధ్య టూ ఆఫ్ కప్స్, అడ్డంకిగా ఫోర్ ఆఫ్ పెంటకిల్స్, సలహాగా టెంపరెన్స్ వచ్చాయి. ఆవిడ డెవిల్ చూసి "ఇది ప్రేమ కాదు, దుష్టబంధం. తెంచే పూజకు పదిహేను వేలు అవుతుంది" అంది. నా ఫ్రెండేమో "అది ప్యాషన్ కార్డే, భయపడకు" అంటోంది. ఎవరి మాట నమ్మాలి?

జవాబు: ముందు ఆ పదిహేను వేల సంగతి తేల్చేద్దాం. ఇవ్వకండి. కార్డు చూపించి భయపెట్టి, ఆ భయానికి ధర చెప్పారంటే అక్కడితో రీడింగ్ అయిపోయి వ్యాపారం మొదలైందన్నమాట. మళ్లీ ఫోన్ చేసి "ఆలస్యం చేస్తే ఇంకా ముదురుతుంది" అంటారు. నంబరు బ్లాక్ చేయండి.

ఇక కార్డు. మీ ఫ్రెండూ ఆవిడా చెరో సగం చూశారు. ఎందుకంటే ఆ బొమ్మలో రెండూ ఉన్నాయి. ఇప్పుడు ఎక్కువమంది వాడే రైడర్ వెయిట్ డెక్ 1909లో లండన్‌లో అచ్చయింది. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచనకు పమేలా కోల్‌మన్ స్మిత్ బొమ్మలు గీశారు. అందులో డెవిల్‌ది 15వ నంబరు, లవర్స్‌ది 6. ఒకటీ ఐదూ కలిపితే ఆరు, అందుకని రీడర్లు ఈ రెండింటినీ జంటగా చదువుతారు. వీలైతే రెండు కార్డులనీ పక్కపక్కన పెట్టి చూడండి. లవర్స్‌లో దేవదూత రెక్కలు చాచి ఉంటాడు, కింద ఒక స్త్రీ, ఒక పురుషుడు. పురుషుడి వెనక చెట్టుకు ఆకుల బదులు మంటలు, స్త్రీ వెనక చెట్టుకు పండ్లు. డెవిల్‌లో అదే జంట, అదే అమరిక. దేవదూత ఉన్నచోట గబ్బిలం రెక్కలు, మేక కొమ్ములు ఉన్నవాడు కూర్చుని ఉంటాడు. పురుషుడి తోక కొసన మంట, స్త్రీ తోక కొసన ద్రాక్షగుత్తి. అంటే ఆ కార్డులోని మంటా, పండూ ఈ కార్డులో కూడా ఉన్నాయి. కొత్తగా వచ్చి చేరింది ఇద్దరి మెడలకూ వేసిన గొలుసు. అందుకే డెవిల్ ఒక్కటే చూసి "మోహమా, బంధనమా" అని ఎవరూ తేల్చలేరు. మంట ఉందని మాత్రం చెప్పొచ్చు.

ఇంకో సంగతి చాలామంది రీడర్లు కూడా దాటేస్తారు. కార్డులో ముగ్గురున్నారు. "అతని స్థానంలో డెవిల్" అనగానే ఆ అబ్బాయే కొమ్ములవాడు అనుకుంటాం. కానీ గొలుసు మెడలో పడ్డ పురుషుడు కూడా అదే బొమ్మలో ఉన్నాడు కదా! తన భయానికీ, అసూయకూ తనే కట్టుబడి ఉన్న మనిషికి కూడా ఈ కార్డు సరిపోతుంది. అదీ కాక "అతని స్థానం" అంటే ఏమిటో ఆవిడ కార్డులు కలిపే ముందే చెప్పాలి. అతని మనసులో ఉన్నదా? ఈ బంధంలోకి అతను తెస్తున్నదా? లేక అతను మీకు కనిపిస్తున్న తీరా? ఈ మూడింటికీ డెవిల్ మూడు రకాలుగా పలుకుతుంది. మూడోది అయితే ఆ కార్డు మీ భయం గురించే మాట్లాడుతోంది. నా మట్టుకు నేను, ఎదురుగా లేని మనిషి మనసు కార్డు చెబుతుందని నమ్మను. ముందు కూర్చున్న మనిషి దాన్ని చూసి ఏమంటుందో అది మాత్రం శ్రద్ధగా వింటాను. మీరు లొకేషన్ గురించి ముందు రాసి, కార్డుల గురించి తర్వాత రాశారు. నేనూ అదే వరసలో చదివాను.

మిగతా నాలుగు కార్డులూ చూద్దాం, ఎందుకంటే డెవిల్ ఎటు మొగ్గుతోందో చెప్పేవి పక్కవే. మధ్యలో టూ ఆఫ్ కప్స్. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చెరో కప్పూ పట్టుకుని ఉంటారు. ఇష్టం ఇద్దరిదీ అని దాని అర్థం, దాన్ని అబద్ధం అనలేం. అడ్డంకిగా ఫోర్ ఆఫ్ పెంటకిల్స్. ఒకడు నాణేన్ని గుండెకు హత్తుకుని, రెండు నాణేలు కాళ్ల కింద తొక్కిపెట్టి, ఇంకోటి నెత్తిన పెట్టుకుని కూర్చుంటాడు. ఏదీ పోకూడదన్న పట్టుదలలో వాడు లేచి నిలబడలేడు. నా దృష్టిలో ఈ స్ప్రెడ్‌కు కీలకం ఈ కార్డే. అడ్డంకి స్థానంలో సెవెన్ ఆఫ్ సోర్డ్స్ లాంటిది వచ్చి ఉంటే మోసం గురించి అడిగేదాన్ని. ఇక్కడ కనిపిస్తున్నది పట్టు. మీ స్థానంలో కళ్లకు గంతలు కట్టుకుని, రెండు కత్తులు గుండెలకు అడ్డంగా పట్టుకున్న అమ్మాయి. మీకు తెలుసు, చూడదలచుకోలేదు. టెంపరెన్స్‌లో దేవదూత ఒక పాదం నీళ్లలో, ఒక పాదం నేల మీద పెట్టి, ఒక కప్పులోంచి ఇంకో కప్పులోకి నిదానంగా పోస్తుంటాడు. దాని నంబరు 14, డెవిల్‌కు సరిగ్గా ముందు. మోతాదు చూసుకో అని సలహా.

కార్డులు ఇక్కడిదాకానే తీసుకెళ్తాయి. తర్వాతిది మీరు చూసి తెలుసుకోవాల్సిందే. గట్టి ప్రేమకూ, పట్టుకూ తేడా దగ్గరగా ఉన్నప్పుడు తెలియదు, రెండూ వేడిగానే ఉంటాయి. మీరు ఒక చిన్న విషయానికి "వద్దు" అన్న తర్వాతి రెండు మూడు రోజుల్లో తెలుస్తుంది. అలాంటి "వద్దు" ఒకటి అనండి. శుక్రవారం రాత్రి ఇలా చెప్పండి: "రేపు పాత రూమ్మేట్‌తో లాల్‌బాగ్ వెళ్తున్నాను. లొకేషన్ ఆఫ్ చేస్తాను. రాత్రి ఎనిమిదికి నేనే ఫోన్ చేస్తాను." కారణాలు చెప్పుకోవద్దు, క్షమాపణ అడగొద్దు. ఎనిమిదికి తప్పకుండా చేయండి, ఎందుకంటే మాట తప్పితే పరీక్ష చెడిపోతుంది.

గట్టిగా ప్రేమించే మనిషికి కూడా అది నచ్చకపోవచ్చు. మూతి ముడుస్తాడు, "నన్ను మర్చిపోయావా" అని ఒక మెసేజ్ పెడతాడు. కానీ ఎనిమిదికి ఫోన్ వస్తే "ఎలా గడిచింది?" అని అడుగుతాడు. పట్టున్న మనిషి మధ్యాహ్నానికే ఫోన్లు మొదలుపెడతాడు, మీ రూమ్మేట్‌కు చేస్తాడు, చెప్పకుండా అక్కడికే వచ్చేస్తాడు. లేదా రోజంతా బాగానే ఉండి, సోమవారం నుంచి మాట మానేసి మీ చేత ఖరీదు కట్టిస్తాడు. నేను ఎక్కువగా చూసేది ఈ చివరి దాన్నే. బెదిరింపు లేకుండానే, ఇంకోసారి "వద్దు" అనాలంటే మీకే జంకు పుడుతుంది. ఒక్కసారికే తీర్పు చెప్పకండి. ఇంకో వారం ఇంకో చిన్న విషయానికి మళ్లీ అనండి. రెండోసారికి అతనికి కాస్త తేలికైతే అది నేర్చుకునే మనిషి లక్షణం. రెండోసారికి ఖరీదు పెరిగితే అది పట్టు.

ఆ శనివారం మిమ్మల్ని మీరూ చూసుకోండి. లాల్‌బాగ్‌లో నడుస్తూ పదిసార్లు అతని లాస్ట్ సీన్ చూశారా? అతను ఫోన్ చేయకపోతే తేలిగ్గా అనిపించిందా, ఖాళీగా అనిపించిందా? గొలుసు బొమ్మలో ఇద్దరి మెడల్లోనూ ఉంది.

"ఆ రోజు ప్రపంచమంతా నాదే" అని రాశారు చూడండి, ఆ మాట దగ్గర నేను కాసేపు ఆగాను. ఎప్పుడొస్తుందో తెలియని బహుమతి, ప్రతిసారీ వచ్చే దానికన్నా గట్టిగా అలవాటవుతుందని స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త ఎలుకలు, పావురాల మీద చేసిన ప్రయోగాల్లో చూపించాడు. రెండు రోజుల మౌనం తర్వాత వచ్చే కౌగిలి అలాంటి బహుమతి. అప్పుడు కలిగే ఆనందంలో ఎక్కువ పాలు టెన్షన్ తగ్గిన ఊరట. అందుకని అతని ప్రేమను ఆ రోజుతో కొలవకండి. గొడవ లేని మామూలు మంగళవారం, ఆఫీసు అయ్యాక ఇద్దరూ చాయ్ తాగుతున్నప్పుడు మీకు ఎలా ఉంటుందో రాసి పెట్టుకోండి. అలాంటి రోజులే గుర్తు రాకపోతే, అదీ ఒక జవాబే.

పరీక్షలో మెత్తబడే మనిషే అనిపిస్తే నేరుగా మాట్లాడండి. "నువ్వు మాట మానేసిన రెండు రోజులూ నాకు భయంగా ఉంటుంది. కోపమొస్తే 'గంట తర్వాత మాట్లాడదాం' అను, మాయం కాకు. లొకేషన్ మాత్రం ఇక ఆన్ చేయను." ఈ మాటల్లో కార్డు ప్రస్తావన తేకండి. "నీకు డెవిల్ వచ్చింది" అన్నారంటే మిగతా జీవితం ఆ గొడవే ఉంటుంది!

ఒక విషయంలో మాత్రం టారో వాళ్లతో నాకు పేచీ ఉంది. గొలుసు వదులుగా గీశారు కాబట్టి ఎప్పుడైనా తీసేసుకోవచ్చు, తీయకపోతే తప్పు నీదే అంటారు. మనిషి చేయి చేసుకున్నా, ఫొటోలు బయటపెడతానన్నా, పీజీ బయట కాపు కాసినా ఆ గొలుసు వదులుగా లేనట్టే. అలాంటిది ఒక్కసారి జరిగి ఉన్నా పైన చెప్పిన పరీక్ష పెట్టకండి. ముందు ఇంట్లో ఒకరికీ, ఇక్కడ ఒక స్నేహితురాలికీ చెప్పండి. ప్రమాదమనిపిస్తే 112, సాయానికి మహిళా హెల్ప్‌లైన్ 181 ఉన్నాయి. "నువ్వు పోతే చచ్చిపోతా" అంటే ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు, దానికి మందుగా మీరు ఉండిపోనూ వద్దు. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి, అతని అన్నకో స్నేహితుడికో ఫోన్ చేసి చెప్పండి. ఇద్దరిదీ ఒకే టీమ్ కాబట్టి ఇంకోటి. విడిపోయాక ఆఫీసులో వెంటపడి వేధిస్తే, పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అడ్డుకునే 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట ఉండాల్సిన అంతర్గత కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఆ మెసేజ్‌లు డిలీట్ చేయకండి.

మళ్లీ కార్డులు వేయాలనిపిస్తే రెండు శనివారాలూ అయ్యాకే వేయండి. ఇంట్లో మీరే వేసుకోవచ్చు, ఎవరికీ డబ్బు ఇవ్వనక్కర్లేదు. రెండో స్థానానికి "అతను" అని పేరు పెట్టకుండా "అతని దగ్గర నేను ఎలా ఉంటున్నాను" అని కాగితం మీద ముందే రాసుకోండి. వచ్చిన కార్డు నచ్చలేదని అదే రోజు ఇంకోటి తీయకండి.