పసుపు మరకా నీచు వాసనా వదలకపోతే చెక్క పారేయాలా?

గుంటూరు నుంచి కొత్తగా వచ్చిన తమ్ముడి సందేహం ఇది. పసుపూ కారం పట్టించిన చేపని చెక్క మీద కోశాడు. వాసన పోలేదు. మరక మీద సోడా రుద్దితే ఎర్రబడింది. కొత్తది కొనాలా అంటున్నాడు.

కొనకు తమ్ముడూ. వచ్చిన కొత్తలో అందరూ ఇలాగే డాలర్లు పారబోస్తారు. మన ఇళ్ళలో కత్తిపీటకి వాసన పట్టదు. చెక్క అలా కాదు, నీటితోపాటు వాసననీ లోపలికి లాక్కుంటుంది.

ఆ ఎరుపు చూసి కంగారుపడకు. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడుతుంది కదా, సోడాతో జరిగిందీ అదే. నిమ్మరసం తగిలితే మళ్ళీ పసుపుపచ్చకి తిరుగుతుంది. పసుపు రంగు నీళ్ళలో కరగదు కాబట్టి ఎంత తోమినా పోదు. ఎండకి మాత్రం వెలిసిపోతుంది. రెండు మూడు రోజులు కిటికీ దగ్గర ఎండలో పెట్టు.

ఇక వాసన పోవాలంటే, ముందు వేడినీళ్ళు, గిన్నెల సబ్బుతో చెక్కని రెండు వైపులా తోము. ఒక్క వైపే తడిపితే వంకర తిరుగుతుంది. తర్వాత కళ్ళుప్పు చల్లి, సగం కోసిన నిమ్మచెక్కతో రుద్ది, పది నిమిషాలాగి కడుగు. చేప వాసనకి కారణమైన పదార్థాలు క్షార గుణం ఉన్నవి, పులుపు వాటిని అణుస్తుంది.

వాసన పోయినంత మాత్రాన క్రిములు పోయినట్టు కాదు. మరక ఉన్నంత మాత్రాన మురికి ఉన్నట్టూ కాదు. పచ్చి మాంసం, చేప కోసిన ప్రతిసారీ సబ్బుతో కడిగాక బ్లీచ్ నీళ్ళు పట్టించాలి. సువాసన కలపని బ్లీచ్ ఒక టేబుల్ స్పూను, నీళ్ళు నాలుగు లీటర్లు. ఒక్క చెక్కకి లీటరు నీళ్ళు, టీస్పూనుకి కాస్త తక్కువ బ్లీచ్ చాలు. పైన తడి నిలిచేలా పోసి కొన్ని నిమిషాలుంచి, మంచినీళ్ళతో కడిగి, గోడకి నిలువుగా ఆనించు. జిడ్డుంటే బ్లీచ్ దాని మీదే ఖర్చయిపోతుంది, అందుకే సబ్బు ముందు. నిమ్మరసం పూర్తిగా కడిగేశాకే బ్లీచ్ పొయ్యి. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

క్రిములు కంటికి కనపడవు కనుక ఈ క్రమం తప్పకపోవడమే మనకున్న భరోసా. చెక్క సంగతి మాత్రం ముక్కుతో, చేత్తో తెలుస్తుంది. రాత్రంతా ఆరాక నాలుగు చుక్కల వేడినీళ్ళు వేసి వాసన చూడు. నీచు తేలితే మళ్ళీ తోము. కత్తి గాట్లకి అడ్డంగా గోరు నడుపు. కాస్త తగిలితే 120, తర్వాత 220 నంబరు గరుకు కాగితంతో రుద్దితే సాపవుతుంది. పగులు లోపలికి దిగినా, అతుకు విడినా అక్కడికి బ్రష్షు చేరదు. అప్పుడు పారెయ్యి.

గరుకు కాగితం పట్టాక తినే వస్తువులకి వాడదగిన మినరల్ ఆయిల్ పట్టించు. వేరుశనగ నూనె వద్దు, కొన్నాళ్ళకి ముక్కిన కంపు కొడుతుంది. డిష్‌వాషర్‌లో పెడితే చెక్క పగులుతుంది. డబ్బు పెట్టాలనుంటే, పచ్చి చేపకీ మాంసానికీ విడిగా చవకైన పలక ఒకటి కొనుక్కో.