‘పంక్చరై’ – వరుసా? కారణమా?

సందేహం: మా అమ్మాయికి పరీక్షలో ఈ పేరా ఇచ్చారు. “మామిడికాయల ట్రాక్టరు దామలచెరువు మండీకి చేరేసరికి పొద్దు వాలింది. ముందురోజు రాత్రి గాలివాన వచ్చి కాయలు రాలాయి. తెల్లవారాక రైతు వాటిని ఏరి ట్రాక్టరుకు ఎత్తించాడు. దారిలో టైరు పంక్చరయింది. కాయకు దెబ్బ తగిలిందని వ్యాపారి ధర తగ్గించాడు.” ధర ఎందుకు తగ్గిందన్న ప్రశ్నకు “టైరు పంక్చరై ధర తగ్గింది” అని రాస్తే టీచరు కొట్టేశారు. ‘పంక్చరై’ అంటే పంక్చరయిన తరువాత అనే కదా! తప్పెలా అవుతుందండీ?
– ఒక తండ్రి, పాకాల

సమాధానం: ‘ఏరి’, ‘వచ్చి’, ‘ఐ’ వంటి క్త్వార్థకాలకు ముందు జరిగిన పనిని చెప్పడమే మూలార్థమన్న మీ మాట నిజమే. అయితే సంస్కృతంలో దీనికి పాణిని “సమానకర్తృకయోః పూర్వకాలే” అని హద్దు గీశాడు, అంటే రెండు పనులకూ కర్త ఒక్కరే కావాలి. మన తెలుగు ఆ హద్దును ఒకచోట దాటుతుంది. “గాలివాన వచ్చి కాయలు రాలాయి” అన్నప్పుడు వచ్చింది గాలివాన, రాలినవి కాయలు. కర్తలు వేరైనా వాక్యం చెవికి ఇంపుగానే ఉన్నదంటే, మొదటిది రెండవదానికి కారణం కావడం వల్లనే. కారణ సంబంధం లేనిచోట “బస్సు వచ్చి నేను ఎక్కాను” అని ఎవరూ అనరు, “బస్సు వచ్చాక” అంటారు. “రైతు ఏరి ఎత్తించాడు” అన్నప్పుడు కర్త ఒక్కడే గనుక అది వట్టి వరుస. ఏకకర్తృకంలోనూ “భయపడి పారిపోయాడు” వంటివి కారణాన్నే చెబుతాయి కాబట్టి దీనిని సూత్రంగా కాక గుర్తుగా మాత్రమే వాడుకోవాలి.

ఇప్పుడు మీ అమ్మాయి వాక్యం చూడండి. టైరు వేరు, ధర వేరు. అందువల్ల ఆ అమ్మాయి వరుసనే ఉద్దేశించినా, చదివేవారికి అది కారణంగానే వినిపిస్తుంది. పేరాలో వ్యాపారి చెప్పిన కారణం “దెబ్బ తగిలిందని” అన్న మాటలో ఉన్నది, ఆ ‘అని’ని పట్టుకోవాలి. దెబ్బకు కారణం రాలడం, రాలడానికి కారణం గాలివాన. దగ్గరి కారణాన్ని ముందు రాసి, దూరపు కారణాన్ని తరువాత కలిపితే జవాబు నిండుగా ఉంటుంది. వరుస అడిగితే మాత్రం పేరాలోని మొదటి వాక్యంతో మొదలుపెట్టకూడదు. ‘ముందురోజు రాత్రి’ అన్న మాట కథను వెనక్కు తీసుకువెళ్లింది గనుక, గాలివాన మొదటిది, మండీ చేరడం చివరి వాటిలోది.

ఈ ‘ఐ’ ప్రస్తావన వచ్చిన తరువాత పోతనగారిని తలచుకోకుండా ఉండలేను. “సిరికిం జెప్పఁడు” పద్యంలో ఆరు క్రియలున్నాయి: చెప్పఁడు, సంధింపఁడు, చీరఁడు, పన్నింపఁడు, ఒత్తఁడు, వీడఁడు. విష్ణువు బయలుదేరే ముందు ఏమేమి చేశాడని నేను తరగతిలో అడిగితే, “లక్ష్మికి చెప్పి, శంఖచక్రాలు ధరించి” అని వరుసగా రాసిన పిల్లలు ఏటా ఒకరిద్దరైనా ఉండేవారు. జరగని పనులకు వరుస ఎక్కడిది? ఇవన్నీ ఎందుకు చేయలేదో కవి చిట్టచివర “గజప్రాణావనోత్సాహియై” అన్న ఒక్క సమాసంలో చెప్పాడు. ఏనుగు ప్రాణం కాపాడాలన్న తొందర గలవాడై ఉండడం కారణం, కాలంలో అన్నిటికంటే ముందున్నది, పద్యంలో అన్నిటికంటే వెనుక వచ్చింది. నడుమ ఒక వచనం దాటితే “తన వెంటన్ సిరి, లచ్చి వెంట నవరోధవ్రాతమున్, దాని వెన్కను పక్షీంద్రుఁడు” అని అసలైన వరుస మొదలవుతుంది. సిరి ఎందుకు వెంట వచ్చిందంటే, ఆమె కొంగును స్వామి విడువలేదు గదా, కారణం ముందు పద్యంలోనే దొరుకుతుంది. అంతఃపుర స్త్రీలు ఎందుకు వచ్చారని అడిగితే మాత్రం ‘వెంట’ అన్న మాటను చూపి కారణం కల్పించరాదు. అది వరుసను చెప్పే మాట.

పక్కపక్కనున్న రెండు వాక్యాలను ‘కాబట్టి’తో అతికించమని నేర్పే గైడ్లు ఈమధ్య చాలా కనిపిస్తున్నాయి. ‘కాన్’ మీద ‘పట్టి’ చేరి ‘కాఁబట్టి’ అయింది. ఆ ‘పట్టి’ బాలవ్యాకరణంలో పంచమీ విభక్తి ప్రత్యయాలలో ఒకటి. పట్టుకోవడానికి హేతువు లేనిచోట దానిని తగిలించడం భాషకు చేసే అన్యాయమే.

మీ టీచరు కొట్టివేసినది కారణ ప్రశ్నకు రాసిన జవాబు గనుక నేను వారి పక్షమే. పంక్చరు వల్ల ఆలస్యమై, ఆలస్యం వల్ల ధర తగ్గి ఉండవచ్చునని ఎవరైనా వాదిస్తే, అది ఊహ అని జవాబులోనే చెప్పినప్పుడు అర మార్కు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. ఇచ్చేవారు దొరుకుతారో లేదో చెప్పలేను.
– తిరుపతి