‘స్టెరిక్ ఫ్యాక్టర్’ని తెలుగులో ఏమనాలి?

సందేహం: అభిఘాత సిద్ధాంతంలో వచ్చే ‘స్టెరిక్ ఫ్యాక్టర్’ని ఒకచోట ‘ప్రాదేశిక కారకం’ అనీ, ఇంకోచోట ‘సంభావ్యత గుణకం’ అనీ చదివాను. మా లెక్చరర్ ‘దిశా గుణకం’ అంటారు. ఏది సరైనది? – ఒక డిగ్రీ విద్యార్థి

సమాధానం: ‘కారకం’ అంటే ఒకటి జరగడానికి కారణమయ్యేది. వ్యాధికారకం అంటాం కదా, అలా. P అని రాసే ఈ స్టెరిక్ ఫ్యాక్టర్ దేనికీ కారణం కాదు, లెక్కలో గుణించే అంకె. కాబట్టి ‘గుణకం’ నయం. ఇక ‘ప్రాదేశిక’ అంటే నాకు ఎంపీటీసీ ఎన్నికలే గుర్తొస్తాయి! గ్రీకు ‘స్టెరియోస్’కి గట్టిది, ఘనమైనది అని అర్థం. అంటే మాట పుట్టింది ఆకారం నుంచి, చోటు నుంచి కాదు.

మిగిలిన రెండు పేర్లనూ లెక్కలో పెట్టి చూద్దాం. చర్య రేటు స్థిరాంకం k కి అభిఘాత సిద్ధాంతం ఇచ్చే సూత్రం ఇది:

k = P σ v N_A e^(−Ea/RT)

హైడ్రోజన్, ఎథిలీన్ కలిసి ఈథేన్ అయ్యే చర్య తీసుకోండి. ఉష్ణోగ్రత 628 K. అభిఘాత వైశాల్యం σ 0.46 చదరపు నానోమీటర్లు. రెండు అణువుల సగటు సాపేక్ష వేగం v సెకనుకు సుమారు 2,660 మీటర్లు. వీటిని అవొగాడ్రో సంఖ్యతో గుణిస్తే 7.4 × 10¹¹ L mol⁻¹ s⁻¹ వస్తుంది. ప్రయోగంలో దొరికిన A, అంటే k లో e ఉన్న ఘాతపదం పోగా మిగిలే భాగం, మాత్రం 1.24 × 10⁶. ఈ రెండింటి నిష్పత్తే P, అంటే 1.7 × 10⁻⁶. చాలినంత శక్తితో ఢీకొన్న జంటల్లో కూడా దాదాపు ఆరు లక్షలకు ఒక్కటే ఫలిస్తుందన్నమాట. ఉత్తేజన శక్తి 180 kJ/mol కనుక ఘాతపదం సుమారు 10⁻¹⁵, k సుమారు 1.3 × 10⁻⁹.

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. A బదులు k ని తెచ్చి భాగిస్తారు. అప్పుడు శక్తి చాలక విఫలమైన ఢీలు కూడా P ఖాతాలో పడిపోతాయి. ఉష్ణోగ్రత మార్చగానే మీ P విపరీతంగా మారిపోతుంటే ఈ పొరపాటే జరిగిందని అనుమానించండి.

ఇంతవరకూ మీ లెక్చరర్ గారి మాట బాగానే నప్పింది. అణువులు తగిన దిశలో ఎదురుపడటం అరుదు కాబట్టి P చిన్నది. కానీ పొటాషియం పరమాణువు, బ్రోమిన్ అణువు కలిసే చర్యలో P 4.8! అన్ని దిశలూ కలిసొచ్చినా ఒకటికి మించదు, సంభావ్యత అసలే మించదు. అక్కడ జరిగేది వేరు. పొటాషియం దూరం నుంచే, తాడు కట్టిన ఈటె విసిరినట్టు, ఎలక్ట్రాన్‌ని బ్రోమిన్ మీదికి విసురుతుంది. ఆపైన ధన, రుణ అయాన్ల ఆకర్షణే తాడులా రెండింటినీ దగ్గరికి లాగుతుంది. చర్యకు దొరికే వైశాల్యం మనం వేసుకున్న σ కంటే పెద్దదవుతుంది.

అందుకని నా ఓటు ‘స్టెరిక్ గుణకం’కే. సగం గ్రీకు, సగం సంస్కృతం అని ఎవరైనా ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి. ఎథిలీన్ చర్యను వివరించేటప్పుడు ‘దిశా గుణకం’ అన్నా తప్పులేదు. పొటాషియం ప్రశ్న వస్తే మాత్రం ఆ పేరు రాయకండి.