కస్టమర్ తిట్లను కంపెనీకి పంపే ఫిర్యాదుగా మార్చడం ఎలా?

ప్రశ్న: మా దగ్గర కొన్నవాళ్లు చాట్‌లో తిట్టిపోస్తున్నారు. అదే కాపీ చేసి కంపెనీకి పంపితే పట్టించుకోరు. మర్యాదగా రాస్తే మరీ మెత్తగా ఉంటోంది. ఎలా రాయాలి?

జవాబు: అమ్మకాల తర్వాత వచ్చే ఫిర్యాదులు చూడటమే నా పని. ఈమధ్య ఎలక్ట్రిక్ కెటిల్ గురించి ఒకాయన పెట్టిన మెసేజ్ ఇది: "చెత్త కెటిల్ అంటగట్టారు. మూడు రోజులకే పోయింది. నీళ్లు కుతకుతా మరుగుతున్నా ఆగి చావదు. ఇల్లు తగలబడితే ఎవడిస్తాడు? కోర్టుకి లాగుతా."

ఇందులో కంపెనీకి పనికొచ్చే ముక్కలు రెండే: మూడు రోజులు, మరిగినా ఆగకపోవడం. కోర్టు మాట ఆయనకీ మనకీ మధ్యది, దాన్ని ఫిర్యాదులోకి తేను. ఇల్లు తగలబడుతుందన్న భయం మాత్రం ఉత్త కోపం కాదు, అందులో ప్రమాదం సంగతి ఉంది. దాన్ని తీసేస్తేనే ఫిర్యాదు మెత్తబడుతుంది.

రాసే ముందు ఆయన్ని ఒక్కటే అడిగాను: మూత సరిగ్గా పడిందా? మామూలు కెటిల్‌లో ఆవిరి వెళ్లి స్విచ్ దగ్గరున్న లోహపు బిళ్లను వేడి చేస్తేనే కరెంటు ఆగుతుంది. మూత తెరిచి ఉంటే ఆవిరి అటు పోదు, మంచి కెటిల్ కూడా ఆగదు. కంపెనీవాళ్లు మొదట పట్టుకునేది దీన్నే. మూత వేసి, స్విచ్ నొక్కిన దగ్గర్నుంచి మధ్యలో ఆపకుండా వీడియో తీయమన్నాను. ఆ తర్వాత వాడొద్దని, స్క్రూలు విప్పొద్దని కూడా చెప్పాను. విప్పితే వారంటీ దగ్గర పేచీ పెడతారు.

చివరికి పంపింది ఇది:

"ఈ కెటిల్ మార్చి 4న కస్టమర్‌కు అందింది. మార్చి 7 నుంచి నీళ్లు మరిగాక దానంతట అది ఆగడం లేదు. మూత వేసి, గరిష్ఠ గీత లోపే నీళ్లు పోసి తీసిన వీడియోలో, మరగడం మొదలయ్యాక రెండు నిమిషాలైనా స్విచ్ పడలేదు. చేత్తో ఆపాల్సి వచ్చింది. గమనించకపోతే నీరంతా ఇగిరిపోయే ప్రమాదం ఉంది కాబట్టి వాడకం ఆపించాం. బిల్లు, అడుగున ఉన్న సీరియల్ నంబరు ఫొటో, వీడియో జతచేశాం. మార్చి 16 లోపు కొత్తది పంపండి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా తెలపండి."

"థర్మోస్టాట్ పోయింది" అని నేను రాయలేదు చూడండి. లోపల ఏం పోయిందో మనం చూడలేదు. అది తప్పని తేలితే మిగతాదీ నమ్మరు. కళ్లకు కనిపించింది రాస్తే చాలు. "దయచేసి పరిశీలించగలరు" అన్న వాక్యం కూడా నేను వాడను. పరిశీలించాం అని ఒక్క ముక్క రాసి ఫైలు మూసేస్తారు, పైగా మనం అడిగింది చేసినట్టే లెక్క!

అసలు చాట్‌ను మాత్రం దిద్దకుండా దాచండి. కస్టమర్ ఎప్పుడు చెప్పాడని కంపెనీ అడిగితే చూపించాల్సింది అదే.