కోడి లెగ్ పీస్‌లో ఎముక దగ్గర ఎరుపు: ఉడకలేదా, ఉత్త రంగేనా?

"ఆదివారం డీప్ ఫ్రిజ్‌లో ఉన్న లెగ్ పీసులు తీసి వేపుడు చేశాను. పైన బాగా వేగాయి, కొరికితే ఎముక దగ్గర ఎర్రగా ఉంది. మా అత్తగారు నెత్తురు పోలేదని పక్కన పెట్టేశారు, పిల్లలు అప్పటికే తినేశారు. టెన్షన్‌గా ఉంది. ఉడకనట్టేనా? మాది విజయనగరం."

ఎరుపు కనిపించినంత మాత్రాన ఉడకనట్టు కాదండీ. ఆ ఎరుపు ఎక్కడుందో, పక్కన కండ ఎలా ఉందో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎముకకి ఆనుకుని ముదురు ఎరుపు, లేదా గోధుమ, ఒక్కోసారి నల్లగా కూడా మరక లాగా ఉండి, దాని చుట్టూ కండ తెల్లగా పీచులు పీచులుగా విడిపోతుంటే ఆ ముక్క ఉడికినట్టే లెక్క. అలా కాకుండా కండ లేత గులాబీ రంగులో, తడిగా మెరుస్తూ, పంటికి రబ్బరులా సాగుతూ, లాగినా ఎముకని వదలకుండా ఉంటే అది పచ్చిదే. మీరు డీప్ ఫ్రిజ్‌లోంచి తీసి వేయించారు కాబట్టి రెండిట్లో ఏదైనా అయ్యుండొచ్చు, ఒక్కోసారి ఒకే ముక్కలో రెండూ ఉంటాయి.

నేను నరసన్నపేట దగ్గర మా మావయ్యతో కలిసి ఫంక్షన్లకి వంటలు చేస్తాను. ఈ గొడవ మాకు కొత్త కాదు, బంతిలో కూర్చున్న పెద్దాళ్ళు ముక్క పట్టుకుని "ఏటి బాబూ ఇది, నెత్తురలాగే ఉంది" అనడం చాలాసార్లు విన్నాను. వాళ్ళని తప్పు పట్టలేం, వాళ్ళ చేతికి అలవాటైంది నాటుకోడి. అది నెలల తరబడి తిరిగి పెరిగిన కోడి, ఎముక గట్టిపడిపోయి ఉంటుంది. ఇప్పుడు మనం కొనే బ్రాయిలర్ ఆరు వారాలు తిరగకుండానే రెండు కిలోలకి వస్తుంది. ఒళ్ళు పెరిగినంత వేగంగా ఎముక ముదరదు, ముఖ్యంగా తొడ ఎముక, కాలి ఎముక కీళ్ళ దగ్గర ఇంకా లేతగా, సన్నటి రంధ్రాలతో ఉంటాయి. లోపలున్న మూలుగ ఎర్రగా ఉంటుంది కదా, ఆ రంగు ఈ రంధ్రాల్లోంచి బయటికి ఊరి పక్కనున్న కండకి అంటుకుంటుంది. డీప్ ఫ్రిజ్‌లో పెడితే ఇంకా ఎక్కువ, మూలుగలోని నీరు గడ్డకట్టేటప్పుడు కణాలు పగిలిపోతాయి, తర్వాత మంచు వదిలేటప్పుడు ఆ రంగంతా బయటికి వచ్చేస్తుంది. అప్పుడే కొట్టించి ఆ పూటే వండిన కోడిలో ఈ మరక తక్కువ కనబడటానికి కారణం అదే. రొమ్ము ముక్కల్లో కంటే లెగ్ పీసుల్లోనే ఎందుకు వస్తుందంటే మూలుగ నిండుగా ఉండే పెద్ద ఎముకలు అక్కడున్నాయి, పైగా కాలి కండ దానంతట అదే కాస్త ముదురు రంగు.

ఒక ముక్క సంగతి వివరంగా చెప్తాను. ఆమదాలవలసలో మా అప్ప వాళ్ళింట్లో లెగ్ పీసులు పూర్తిగా మంచు వదలకుండానే బాగా కాగిన నూనెలో వేశారు. అయిదారు నిమిషాలకే పైన ఎర్రగా వేగిపోయాయి, చూడ్డానికి ఎంత బాగున్నాయో. అనుమానమొచ్చి ఒకటి తీసి లావుగా ఉన్న చోట కత్తితో ఎముక దాకా కోశాను. పైపొర తెల్లగా ఉంది, దాని కింద వేలి మందాన కండ గులాబీ రంగులో జిగటగా మెరుస్తోంది, ఎముకని ఆనుకుని ముదురు ఎర్రటి చార. మా దగ్గర వంటకి వాడే సూది థర్మామీటర్ ఉంటుంది, దాన్ని గులాబీ కండలో గుచ్చితే 52 డిగ్రీలు చూపించింది. అది పచ్చి, సందేహం లేదు. అలాంటి ముక్కల్ని మళ్ళీ నూనెలో వేస్తే పైన మాడుతుందే తప్ప లోపలికి వేడి అందదు. అందుకని ముక్కలన్నీ వెడల్పాటి కళాయిలో పరిచి, అర గ్లాసు నీళ్ళు చల్లి, మూతపెట్టి సన్న మంట మీద మగ్గించాను. మధ్యలో ఒకసారి తిరగేశాను. పది నిమిషాలు దాటాక గుచ్చితే 82. ఇప్పుడు గులాబీ కండ పూర్తిగా తెల్లబడింది, వేలితో లాగితే పీచులుగా వచ్చేసింది. ఎముక పక్కనున్న చార మాత్రం అలాగే ఉంది, ఎరుపు కాస్త గోధుమలోకి తిరిగిందంతే. ఇంకో పావుగంట ఉంచినా పోదు. పోయిన రంగు పచ్చిదనం, పోనిది మూలుగ.

లెక్క ఏంటంటే, లావుగా ఉన్న చోట లోపల 74 డిగ్రీలు వస్తే కోడిలో ఉండే సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ లాంటి జబ్బు చేసే క్రిములు చచ్చిపోతాయి. కొన్ని ముక్కల్లో 74 వచ్చినా కాలి కండ ఇంకా కొంచెం గులాబీగానే ఉండొచ్చు, అప్పుడు నమ్మాల్సింది వేడినే. గుచ్చేటప్పుడు సూది ఎముకకి తగలకూడదు, తగిలితే అది కండ వేడి కాదు, ఎముక వేడి చూపిస్తుంది. ఈ థర్మామీటర్లు ఆన్‌లైన్‌లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. కొత్తది రాగానే తెర్లుతున్న నీళ్ళలో పెట్టి చూడండి, మన వైపు 100కి దగ్గర్లో చూపించాలి. అది లేకపోతే కీలు దగ్గర విరిచి చూడటమే మంచి పరీక్ష, ఎందుకంటే వేడి ఆఖరున చేరేది అక్కడికే. "రసం తెల్లగా వస్తే ఉడికినట్టే" అంటారు గానీ నేను దాని మీద ఆధారపడను.

పిల్లల సంగతికొస్తే, వాళ్ళు తిన్న ముక్క తెల్లగా విడిపోయినదైతే భయమేమీ లేదు. నిజంగా జిగటగా, గులాబీగా ఉన్నది తిన్నారని మీకనిపిస్తే ఓ వారం కనిపెట్టుకుని ఉండండి, ఈ రకం జబ్బులు తిన్న గంటల్లోనే రావాలని లేదు, రెండు మూడు రోజులు ఆగి కూడా విరేచనాలు, జ్వరం, కడుపునొప్పి మొదలవుతాయి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ తాగించండి. విరేచనంలో రక్తం పడినా, జ్వరం బాగా ఎక్కువున్నా, మూత్రం తగ్గి పిల్లలు డీలా పడినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో ఉన్న మాత్రలు మాత్రం వేయొద్దు, విరేచనాలు ఆపే బిళ్ళ అస్సలు వద్దు.

ఈసారి వేపుడు చేసేటప్పుడు ముక్కల్ని ముందు రోజు రాత్రే డీప్ ఫ్రిజ్‌లోంచి తీసి, గిన్నెలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. పొద్దున్నకి మెత్తబడతాయి. గిన్నెలోకి దిగిన ఎర్రనీళ్ళు మిగతా వాటికి తగలకుండా పారబోయండి. ప్రతి ముక్కకీ రెండు పక్కలా ఎముక తగిలేదాకా లోతుగా గాట్లు పెడితే ఉప్పూకారంతో పాటు వేడి కూడా లోపలికి దిగుతుంది. నూనె పొగలు రానివ్వకుండా మధ్యస్థంగా కాచి, కళాయిలో కిక్కిరిసేలా కాకుండా నాలుగేసి ముక్కలు వేసి, పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు ఓపిగ్గా వేయించండి. రంగు ఇంకా బాగా రావాలంటే ఆఖర్న ఒక్క నిమిషం మంట పెంచండి. మీ అత్తగారికి పెట్టే ముందు ఒక ముక్క కీలు దగ్గర ఆవిడ ఎదురుగానే విరిచి, పీచులుగా విడిన కండ చూపించండి. అయినా ఆ మరక ఆవిడకి నచ్చకపోతే ఎముక పక్కన అంతవరకు గోకి తీసేసి పెట్టండి, మిగతా ముక్కకి ఏ లోటూ రాదు.