ఒకే కోతిని రెండుసార్లు గీస్తే రెండు కోతులు కాకుండా ఉండాలంటే

ప్రశ్న: మా అబ్బాయి గది గోడ మీద ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తులో కోతి-మొసలి కథ వేద్దామని స్కెచ్ గీశాను. గళ్లుగా విడగొట్టకుండా ఒకే నది, ఒకే నేరేడు చెట్టు, మూడు ఘట్టాలు. చూసినవాళ్లంతా "మూడు కోతులు, మూడు మొసళ్లు భలే ఉన్నాయి" అంటున్నారు. ఎక్కడ తప్పింది?

జవాబు:

మీ మొదటి ఘట్టం, చివరి ఘట్టం ఒకే చోట జరుగుతున్నాయి. తప్పింది అక్కడే. చెట్టు మీద కూర్చుని పళ్లు విసిరే కోతి ఒకటి, నది మధ్య నుంచి వెనక్కి వచ్చి అదే చెట్టెక్కిన కోతి ఇంకొకటి. ఒక చెట్టు మీద రెండు కోతులు కనబడితే ఎవరైనా రెండు కోతులనే అంటారు. ముఖం ఎంత జాగ్రత్తగా ఒకేలా దిద్దినా ఆ లెక్క మారదు. పైగా కోతులు గుంపుగా తిరిగేవి కాబట్టి చూసేవాళ్లకు అనుమానం కూడా రాదు.

ఒకే ఫ్రేములో ఒకే మనిషిని పదేపదే చూపించి కథ నడిపే ఈ పద్ధతిని కంటిన్యువస్ నేరేషన్ అంటారు. అది ఎలా పని చేస్తుందో తెలుసుకోవడానికి ఇటలీ చిత్రకారుడు మసాచో వేసిన 'ట్రిబ్యూట్ మనీ' చాలు. ఫ్లారెన్సులోని బ్రాంకాచ్చి చాపెల్ గోడ మీద 1420ల్లో వేసిన ఫ్రెస్కో, అంటే తడి సున్నపు పూత మీద వేసిన బొమ్మ అది, దాదాపు ఆరు మీటర్ల పొడవు. నెట్లో పెద్ద సైజు ఫోటో తెరిచి పక్కన పెట్టుకుని చదవండి.

కథ మత్తయి సువార్త 17వ అధ్యాయంలోది. పన్ను వసూలు చేసేవాళ్లు పేతురును అడుగుతారు, మీ బోధకుడు పన్ను కట్టడా అని. యేసు పేతురును సముద్రానికి వెళ్లి గాలం వెయ్యమంటాడు, మొదట పడిన చేప నోట్లో నాణెం ఉంటుంది, అది తీసి ఇచ్చెయ్యమంటాడు. బొమ్మ నడుమ యేసు, చుట్టూ శిష్యులు, మనకు వీపు పెట్టి నిలబడ్డ పన్నువాడు. ఎడమ చివర నీళ్ల ఒడ్డున పేతురు వంగి కూర్చుని చేప నోరు తెరుస్తున్నాడు. కుడి చివర ఒక ఇంటి ముందు పేతురు పన్నువాడి చేతిలో నాణెం పెడుతున్నాడు. అంటే పేతురు మూడుసార్లు, పన్నువాడు రెండుసార్లు, యేసు ఒక్కసారే.

ఇందులో మీకు పనికొచ్చే మొదటి సంగతి చోటు. మూడు ఘట్టాలకూ మూడు చోట్లున్నాయి: నీటి ఒడ్డు, ఖాళీ నేల, ఇంటి గుమ్మం. ఒక చోటు ఒక్క ఘట్టానికే. కన్ను చోటు మారడాన్ని కాలం మారడంగా తీసుకుంటుంది. చోటు మారకపోతే అదే క్షణం అనుకుంటుంది. మీ చెట్టు దగ్గర జరుగుతున్నది ఇదే.

రెండో సంగతి, ఆయన ఏం గీయలేదన్నది. సువార్తలో పన్నువాళ్లు అడిగింది పేతురు ఒక్కడినే, యేసు మాట్లాడింది ఆ తరవాత, ఇంట్లో. విడివిడిగా గీస్తే ఇంకో పేతురు కావాలి. మసాచో పన్నువాడిని తెచ్చి యేసు ఎదుటే నిలబెట్టి ఆ రెంటినీ ఒకటి చేసేశాడు. ఒక పేతురు తగ్గాడు. ఈ పద్ధతిలో సగం పని ఏ ఘట్టాన్ని మింగేయాలో తేల్చుకోవడమే అని నా అభిప్రాయం. కొత్తగా వేసేవాళ్లు ఎప్పుడూ ఎక్కువ గీసే చెడగొడతారు, తక్కువ గీసి కాదు.

కాబట్టి మీ మొదటి ఘట్టాన్ని, అంటే స్నేహాన్ని, కోతి లేకుండానే చెప్పండి. చెట్టు కింద ఒడ్డు మీద తిని పారేసిన నేరేడు గింజలు, నలిగిన పళ్లు, బురదలో ఊదా మరకలు వెయ్యండి. మొసలి దవడ అంచున కూడా అదే ఊదా మరక పెట్టండి, రెండుచోట్లా. దీంతో రెండు పనులు జరుగుతాయి: ఇన్నాళ్లూ పళ్లు తిన్న మొసలి ఇదే అని తెలుస్తుంది, రెండు మొసళ్లూ ఒకటే అనడానికి గుర్తూ దొరుకుతుంది. ఇక మిగిలేవి రెండే ఘట్టాలు. నది నడుమ మొసలి వీపు మీద కోతి, గుండె సంగతి బయటపడిన క్షణం. ఒడ్డున కొమ్మ అందుకుంటూ గాల్లో ఉన్న కోతి, కింద నోరు తెరిచిన మొసలి. మూడోసారి గీయాల్సిన పనే లేదు. అన్నట్టు, అవతలి ఒడ్డున మొసలి భార్యను వేశారేమో, తీసేయండి. ఆమె ఉన్నంతసేపూ మొసళ్ల లెక్క తేలదు.

ఇప్పుడు గుర్తుల సంగతి. పేతురుకు నీలం అంగీ, దాని మీద పసుపు పైబట్ట, నెరిసిన గడ్డం. మూడుచోట్లా వాటిని బట్టే పోలుస్తాం. ఒడ్డున కూర్చున్నప్పుడు మాత్రం పైబట్ట విప్పి పక్కన పెట్టాడు, ఆ పసుపు కుప్ప నేల మీద కనిపిస్తుంది. ఒక గుర్తు ఒంటి మీద లేకపోయినా చుట్టుపక్కల ఉంటే సరిపోతుందన్నమాట. మీ కోతికి మెడలో ఎర్ర తువాలు కట్టండి. చెవి చిరగడం, నుదుటి మీద మచ్చ లాంటివి ఎనిమిదడుగుల దూరం నుంచి ఆనవు. గుర్తు రంగు ముద్దలాగా ఉండాలి, గీతలాగా కాదు. బొమ్మ మొత్తంలో ఆ ఎరుపు ఇంకెక్కడా వాడకండి, పువ్వుల్లో కూడా.

ఆ ఎరుపు రెండుసార్లు కలిపితే కచ్చితంగా తేడా వస్తుంది. ఎమల్షన్ పెయింటు ఆరాక కాస్త ముదురుతుంది, అందుకని తడి రంగును ఆరిన రంగుతో పోల్చి సరిచేయబోతే దెబ్బతింటారు. కోతి ఒంటి గోధుమరంగూ, తువాలు ఎరుపూ మొదటే సరిపడా కలిపి గట్టి మూత డబ్బాల్లో ఉంచుకోండి. రెండు కోతులనూ ఒకే పూట పూయండి. నెల తరవాత మచ్చ దిద్దాల్సి వచ్చినా ఆ డబ్బాలో రంగే ఉండాలి.

సైజు విషయంలో చాలామంది మసాచోను తప్పుగా అనుకరిస్తారు. ఆయన ఎడమ పేతురు మిగతా ఇద్దరికంటే చిన్నగా ఉంటాడు, కానీ దూరంగా, పైకి జరిగిన ఒడ్డున ఉన్నాడు, మధ్యలో నేల పరుచుకుని ఆ దూరాన్ని చూపిస్తుంది. మీ చెట్టూ, మొసలీ దాదాపు ఒకే దూరంలో ఉన్నాయి. అక్కడ కోతిని చిన్నది చేస్తే పిల్లకోతి అవుతుంది. నది మధ్య కోతి తల నాలుగంగుళాలైతే కొమ్మ దగ్గరి కోతి తలా నాలుగంగుళాలే ఉండాలి. బటర్ పేపర్ మీద ఒక తల గీసుకుని, దాన్నే తిప్పి రెండుచోట్లా దింపుకోండి.

చూపు, దిక్కు కూడా లెక్కే. మసాచో బొమ్మలో ఏ పేతురూ ఇంకో పేతురును చూడడు. ఒకడి కళ్లు చేప మీద, ఒకడివి యేసు వైపు, ఒకడివి పన్నువాడి వైపు. మీ రెండు కోతుల చూపులు కలిశాయంటే అవి మాట్లాడుకుంటున్న రెండు కోతులైపోతాయి. నది మధ్య కోతి మొసలి తలను చూడాలి, గాల్లో కోతి కొమ్మను చూడాలి. మొసళ్లకూ అంతే. చెట్టు ఎడమ పక్క ఉంటే, నది మధ్య మొసలి మూతి కుడికి, ఒడ్డు దగ్గర మొసలి మూతి ఎడమకు పెట్టండి. తోకలు ఎదురెదురుగా, మూతులు దూరంగా ఉంటాయి. వెళ్లడం, తిరిగి రావడం రెండూ అలా చదువుకోవచ్చు. మూతులు ఎదురెదురు పెడితే కుమ్ములాటలా ఉంటుంది.

అలా పెడితే కథ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కదా, ఇబ్బంది కాదా అనిపించవచ్చు. కాదు. మసాచో కథ నడుమ మొదలై, ఎడమకు వెళ్లి, అక్కడి నుంచి ఒక్క గెంతున కుడి చివరికి వస్తుంది. కట్టడం గీతలన్నీ యేసు తల దగ్గర కలుస్తాయి కాబట్టి కన్ను ముందు అక్కడ వాలుతుంది. యేసు చెయ్యి, పేతురు చెయ్యి రెండూ నీటి వైపు చాచి ఉన్నాయి, వాటి వెంట ఎడమకు వెళ్తుంది. మీకు కట్టడాల్లేవు. నది మధ్య కోతి చుట్టూ నీళ్లను లేత రంగులో వదిలేస్తే ముందు అక్కడ చూస్తారు, మొసలి తోక ఒడ్డు వైపు చాచితే ఆ దారిన చెట్టు దగ్గరికి వస్తారు.

వెలుగు మాత్రం ఒక్కటే ఉండాలి. ఆయన బొమ్మలో వెలుగు కుడి నుంచి వస్తుంది, చాపెల్‌లో నిజం కిటికీ ఉన్నదీ ఆ పక్కనే. నీడలన్నీ ఎడమకు పడతాయి. మీ గదిలో కిటికీ ఎటు ఉందో చూసి అదే పక్క పెట్టుకోండి. కాలం గడిచిందని చూపడానికి సగం ఆకాశం పొద్దున, సగం సాయంత్రం వేస్తే అతికించిన రెండు బొమ్మల్లా ఉంటుంది.

జంతువుకు బట్టలు కట్టడం ఇష్టం లేదంటే ఇంకో దారి మన అమరావతి శిల్పాల్లోనే ఉంది. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో నలగిరి ఏనుగు చెక్కడం ఉంది, గుండ్రటి ఫలకం. రాయే కానీ పద్ధతి ఇదే. ఎడమ పక్క మదమెక్కిన ఏనుగు మనిషిని తొండంతో పట్టి విసురుతుంది, కుడి పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లుతుంది. గుర్తులేమీ లేవు. ఒకటి విజృంభణ, ఒకటి లొంగుబాటు, రెండు భంగిమలూ పూర్తిగా ఎదురెదురు కాబట్టి ముందూ వెనకా అని మనకే తోస్తుంది. మీ కోతి కూడా నీళ్ల మీద ముడుచుకుని, గాల్లో ఒళ్లంతా సాగి ఉంటే ఇదే పని జరుగుతుంది. రెండుచోట్లా కూర్చోబెడితే జరగదు.

గోడకు దింపే ముందు అడుగుకు అంగుళం లెక్కన ఆరు బై నాలుగు అంగుళాల చిన్న స్కెచ్ వేసి, ఇప్పటివరకు చూడని ఒకరికి చూపించండి. కథ పేరు చెప్పకండి. "బాగుందా?" అని అడగకండి, "ఎన్ని కోతులున్నాయి?" అనీ అడగకండి, అలా అడిగితే లెక్కపెట్టేస్తారు. "ఇక్కడ ఏం జరుగుతోంది?" అని ఊరుకోండి. "కోతి తప్పించుకుంది" అని ఏకవచనంలో వస్తే గోడ మొదలుపెట్టొచ్చు. "కోతులు" అని వస్తే రెండింటి మధ్య దూరం పెంచి మళ్లీ ఇంకొకరికి చూపించండి. అప్పటికీ కుదరకపోతే మధ్యలో గీత గీసేసి చేర్యాల పటంలా అంచు కట్టి రెండు గళ్లు చేసుకోండి, అందులో నామోషీ ఏం లేదు. కాకపోతే చేర్యాల పటం పక్కన కథ పాడేవాళ్లు ఉంటారు, మీ గోడ పక్కన మీరే ఉండాలి.