హైదరాబాద్‌కి పంపే పూతరేకులు: ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో ఏ లైసెన్సులు రాయాలి?

"మాది ఆత్రేయపురం మండలం ర్యాలి. మా అమ్మాయి బీకామ్ పూర్తి చేసింది. ఇంట్లోనే పూతరేకులు చుట్టించి, డబ్బాల్లో ప్యాక్ చేసి, ఫోన్ ఆర్డర్ల మీద పంపుతానంటోంది. ముద్ర లోన్‌కి వెళ్తే లైసెన్సులు, టాక్సుల సంగతి రాసి తెమ్మని బ్యాంకులో రిపోర్ట్ తిప్పి పంపేశారు. టెన్షన్‌గా ఉంది. ఏమేం రాయాలండీ?"

ముందు అమ్మాయిని ఒక లెక్క వేయమనండి. నెలకు 300 డబ్బాలు, డబ్బా 250 రూపాయలు అనుకుందాం. అంటే నెలకు 75 వేలు, ఏడాదికి 9 లక్షలు. అందులో ఎన్ని డబ్బాలు ఏ ఊరికి వెళ్తాయో పక్కన రాయమనండి. అసలు చిక్కంతా ఆ ఊళ్ల పేర్ల దగ్గరే ఉంది.

సరుకులు మాత్రమే అమ్మేవాళ్లకు ఆంధ్రాలో ఏడాదికి 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. ఇది విని చాలామంది రిపోర్ట్‌లో "జీఎస్టీ వర్తించదు" అని రాసేస్తారు. కానీ ఆ హద్దు రాష్ట్రం లోపలి అమ్మకాలకే. సరుకు వేరే రాష్ట్రానికి పంపితే మొదటి డబ్బా నుంచే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2014 నుంచి హైదరాబాద్ మనకు వేరే రాష్ట్రం. ఇంకో తమాషా, ఎదుర్లంక వంతెన దాటితే వచ్చే యానాం పుదుచ్చేరిలో భాగం. కాబట్టి అమలాపురానికి పంపే డబ్బాకు లేని బాధ్యత యానాం పంపే డబ్బాకు ఉంటుంది. హైదరాబాద్ వాళ్లే మీ ఇంటికొచ్చి కొని చేత్తో పట్టుకెళ్తే అది మామూలుగా ఇక్కడి అమ్మకమే.

జీఎస్టీలో కాంపోజిషన్ అనే సులువు పద్ధతి ఉందని ఎవరో ఒకరు చెబుతారు. దానిలో ఉంటే వేరే రాష్ట్రానికి పంపకూడదు, కనుక మీకు పనికిరాదు. మామూలు రిజిస్ట్రేషనే తీసుకోవాలి. అప్పుడు ఊళ్లో అమ్మిన డబ్బాకైనా పన్ను కట్టాల్సిందే. స్వీట్లకు 5 శాతం అనుకుంటే, 250 ధరలో 11 రూపాయల 90 పైసలు పన్నే. నెలకు సుమారు 3,570. నెయ్యి, డబ్బాలు జీఎస్టీ బిల్లుతో కొంటే వాటి మీద కట్టినది ఇందులోంచి తగ్గుతుంది. ఇక్కడ పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, అమ్మకాలు లేని కాలంలో రిటర్న్ వేయరు. ఏమీ అమ్మకపోయినా వేయాలి, లేకపోతే రోజుకు 20 రూపాయల చొప్పున ఆలస్య రుసుము పెరుగుతూ పోతుంది. రిజిస్ట్రేషన్‌కి మాత్రం ఫీజు లేదు.

రెండోది ఆహారానికి సంబంధించిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ. చిన్న వ్యాపారాలకు రిజిస్ట్రేషన్, పెద్దవాటికి లైసెన్స్. చాలా ఏళ్లుగా వీటి మధ్య గీత ఏడాదికి 12 లక్షల టర్నోవర్, మీ 9 లక్షలు దానికి లోపలే. దరఖాస్తు చేసే రోజు foscos.fssai.gov.in లో ఆ గీత ఎక్కడుందో చూసుకోండి. మీ వీధిలో పూతరేకుల డబ్బా ఒకటి తీసుకుని దాని మీది 14 అంకెలు చూడండి. 2తో మొదలైతే రిజిస్ట్రేషన్, 1తో మొదలైతే లైసెన్స్. ఆ నంబర్ పని చేస్తోందో లేదో అదే సైట్‌లో తెలుస్తుంది.

డబ్బా మీద బరువు, తయారైన నెల, పన్నులన్నీ కలిపిన ఎంఆర్‌పీ, మీ చిరునామా, ఫిర్యాదు చేసే ఫోన్ నంబర్ ఉండాలి. ప్యాక్ చేసేవాళ్లుగా తూనికలు కొలతల శాఖలో నమోదు కావాలి, కాటాకు ముద్ర వేయించాలి. "ఆత్రేయపురం పూతరేకులు" అనే పేరుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. డబ్బా మీద ఆ పేరు వాడాలంటే అధీకృత వాడుకదారుగా నమోదు చేసుకోవాలి. ముందు లేబుళ్లు అచ్చు వేయించి తర్వాత కనుక్కుంటే ఆ కాగితమంతా వృథా.

చిన్న పరిశ్రమగా నమోదయ్యే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఆధార్, పాన్‌తో ఉచితం. నా దగ్గరికి వచ్చిన ఒకమ్మాయి దానికి ఒక ఏజెంట్‌కి 3 వేలు ఇచ్చింది! లాభం మీద ఆదాయపు పన్ను రిటర్న్ అమ్మాయి పేరునే వేయాలి.

ఇవన్నీ ఖాయం చేసుకోవడానికి ఒక కాగితం చాలు. ఏం చేస్తారు, ఎక్కడ చేస్తారు, ఏడాదికి ఎంత, ఎక్కడికి పంపుతారు అని నాలుగు వాక్యాలు రాయించండి. సచివాలయంలో పంచాయతీ కార్యదర్శికి అది చూపించి, ఇంట్లో ఈ పనికి పంచాయతీ అనుమతి కావాలా, ఫీజెంత అని అడగండి. అదే కాగితంతో వాణిజ్య పన్నుల ఆఫీసుకి, ఆహార భద్రతా అధికారి దగ్గరికి, తూనికల ఆఫీసుకి వెళ్లండి. ఉత్త "పూతరేకుల వ్యాపారం" అంటే "40 లక్షల దాకా ఏం అక్కర్లేదమ్మా" అనేస్తారు. "హైదరాబాద్‌కి కొరియర్‌లో పంపుతాం" అనే మాట ఉంటేనే సరైన జవాబు వస్తుంది. ఎవరు, ఏ తేదీన, ఏం చెప్పారో వెనక రాసుకుని, రిపోర్ట్‌లో ఒక్కో అనుమతి ఎదురుగా ఆఫీసు, ఫీజు, అది ఏ నెలలో చేతికొస్తుందో, రెన్యువల్ తేదీ పెట్టండి. రెన్యువల్, రిటర్న్‌ల ఖర్చు మొదటి ఏడాది ఖర్చుల్లో కలపడం మరిచిపోకండి, బ్యాంకు వాళ్లు వెతికేది ఆ వరుసనే.